చివరి కుళాయి దాకా క్లోరిన్ చేరాకే గృహప్రవేశం: వినతిపత్రం

గౌరవనీయులైన కమిషనర్ గారికి,
నెల్లిమర్ల నగర పంచాయతీ, విజయనగరం జిల్లా.

విషయం: కొత్తగా కట్టిన అపార్టుమెంట్లు, హాస్టళ్ళు, బడి గదుల్లో జనం చేరకముందే మంచినీటి లైన్లను క్లోరిన్ ద్రావణంతో శుద్ధిచేసి, కడిగి, ఆ పని జరిగిందని కాగితం మీద చూపించాకే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇప్పించవలసిందిగా కోరుతూ.

అయ్యా,

మేము ఈ ఊళ్ళో పైపు పని చేసుకుని బతికేవాళ్ళం. మాతో పాటు కొత్త ఇళ్ళలో చేరబోతున్న కొన్ని కుటుంబాలవాళ్ళు కూడా ఈ కాగితం మీద సంతకాలు చేశారు. 2024 అక్టోబరులో మన పక్కనే ఉన్న గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. ఉప ముఖ్యమంత్రి గారు స్వయంగా ఆ ఊరు వచ్చి చూసి వెళ్ళారు. ఆ రోజుల్లో ఇక్కడ ప్రతి ఇంట్లోనూ నీళ్ళు కాచుకునే తాగాం. గుర్లలో జరిగినదానికీ కొత్త భవనాలకూ సంబంధం ఉందని మేము అనడం లేదు. పైపులోపల ఏముందో పైనుంచి చూసి చెప్పలేమన్న సంగతి మాత్రం అప్పుడు మా అందరికీ బాగా తెలిసివచ్చింది. కొత్త పైపు విషయంలో ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. కొత్తది కాబట్టి శుభ్రంగానే ఉంటుందనుకుంటారు.

కొత్త పైపు ఎలా ఇంటిలోకి వస్తుందో చెప్పాలి. సీపీవీసీ, యూపీవీసీ పైపులు రెండు మూడు నెలలు సైటులో ఇసుక కుప్ప పక్కన మూతి తెరిచే పడి ఉంటాయి. వాన కురిస్తే బురద నీళ్ళు లోపలికి పోతాయి. రాత్రిళ్ళు తొండలు, ఎలుకలు దూరతాయి. కోసినప్పుడు రాలిన ప్లాస్టిక్ రజను, గోడ గాడి పూడ్చేటప్పుడు పడిన సిమెంటు, మరలకు చుట్టగా మిగిలిన టెఫ్లాన్ ముక్కలు అన్నీ లోపలే ఉంటాయి. ఆపైన ప్రెషర్ పరీక్ష చేస్తాం. దానికి దొరికిన నీళ్ళే పోస్తాం. బోరు నీళ్ళు కావచ్చు, కట్టుబడికి తెచ్చిన ట్యాంకరు నీళ్ళు కావచ్చు. పరీక్ష అయ్యాక ఆ నీళ్ళను వదలకుండా అలాగే ఉంచేస్తారు, టైల్స్ వేసేటప్పుడు మేకు దిగితే లీకు వెంటనే తెలుస్తుందని. రంగులు, కరెంటు, తలుపులు పూర్తయ్యేసరికి నెలలు గడిచిపోతాయి. అన్నాళ్ళూ ఆ నీరు ఎండకు వేడెక్కిన గోడల్లో కదలకుండా నిలవ ఉంటుంది.

తర్వాత గృహప్రవేశానికి రెండు రోజుల ముందు ఎవరో మేడ ఎక్కి ట్యాంకు తోమి, ఓ గుప్పెడు బ్లీచింగ్ పౌడరు చల్లి దిగివస్తారు. మన దగ్గర క్లోరినేషన్ అంటే చాలాచోట్ల ఇంతే. ట్యాంకు శుభ్రమైంది, సరే. కానీ ఆ నీరు మూడో అంతస్తు వంటింటి కుళాయి దాకా వెళ్ళిందా? ఒకవేళ వెళ్ళినా, అక్కడికి చేరేసరికి అందులో క్లోరిన్ మిగిలిందా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పేవాళ్ళు ఉండరు. మా వినతి అంతా ఈ రెండు ప్రశ్నల గురించే.

ఈ ఉత్తరం రాస్తున్న నా అనుభవం ఒకటి చెబుతాను. ఊరి పేరూ, యజమాని పేరూ అక్కర్లేదు. కొత్తగా తెరిచిన ఓ హాస్టల్లో పై అంతస్తు నీళ్ళు పొద్దున్నే వాసన వేస్తున్నాయని పిలిచారు. ట్యాంకు చూశాను, తెల్లగా ఉంది. కింది అంతస్తు నీళ్ళు బాగానే ఉన్నాయి. పై అంతస్తు స్నానాల గదిలో గీజరు కోసమని వదిలిన రెండడుగుల పైపు ముక్క ఒకటుంది. గీజరు పెట్టలేదు, చివర ప్లగ్ బిగించి వదిలేశారు. ఆ ప్లగ్ విప్పగానే నల్లని బురద కారింది, వెనకే తొండ ఎముకలు రాలాయి. కుళాయి తిప్పినప్పుడల్లా నీరు ఆ ముక్క పక్కనుంచే పోతోంది గానీ దాని లోపలికి పోయి తిరిగి రావడం లేదు. ట్యాంకులో ఎంత బ్లీచింగ్ వేసినా అక్కడికి చేరే దారే లేదు. ఆ హాస్టల్లో ఇద్దరు పిల్లలకు కడుపు నొప్పి వచ్చింది. దానికి ఈ నీళ్ళే కారణమని నేను నిరూపించలేను. ఆ ముక్కను కోసి తీసేశాక మాత్రం వాసన పోయింది. ఆ లైను వేసినవాడు నాలాంటి పనివాడే. పనిలో తప్పు లేదు, లీకు లేదు. చివర చేయాల్సిన శుద్ధి ఒక్కటీ ఎవరి పద్దులోనూ లేదు.

ఇది ఎలా చేయాలో కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. జాతీయ భవన నిర్మాణ కోడ్‌లో నీటి సరఫరా భాగంలో ఉంది. ఇళ్ళ నీటి పైపుల పని గురించిన భారత ప్రమాణం ఐఎస్ 2065లోనూ ఉంది. ముందు ట్యాంకునూ పైపులనూ కడగాలి. తర్వాత ట్యాంకు నింపుతూ పది లక్షల పాళ్ళ నీటికి యాభై పాళ్ళ క్లోరిన్ ఉండేలా, అంటే లీటరుకు 50 మిల్లీగ్రాముల లెక్కన కలపాలి. మామూలు బ్లీచింగ్ పౌడరైతే వెయ్యి లీటర్లకు 150 గ్రాములు. ట్యాంకు నిండాక సరఫరా ఆపేసి, ట్యాంకుకు దగ్గరి కుళాయితో మొదలుపెట్టి దూరంగా జరుగుతూ ఒక్కొక్కటీ తెరవాలి. క్లోరిన్ వాసన రాగానే ఆ కుళాయి కట్టేసి తర్వాతదానికి పోవాలి. తగ్గిన నీటికి సరిపడా మళ్ళీ ట్యాంకు నింపి, అదే పాళ్ళలో మందు కలిపి, కనీసం మూడు గంటలు కదలకుండా ఉంచాలి. ఆపైన క్లోరిన్ మిగిలి ఉందో లేదో పరీక్షించాలి. మిగలకపోతే పని మళ్ళీ మొదటినుంచి చేయాలి. మిగిలితే అంతా ఖాళీచేసి, కడిగి, అప్పుడు వాడుకోవాలి. అమెరికా ప్లంబింగ్ కోడ్‌లో ఇదే 50 పాళ్ళను 24 గంటలు గానీ, 200 పాళ్ళను మూడు గంటలు గానీ ఉంచమంటారు. మన కోడ్ అడిగేది అంతకన్నా తక్కువే.

నాలుగు అంతస్తులు, పదహారు ఇళ్ళు, కింద 12,000 లీటర్ల సంపు, మేడ మీద 10,000 లీటర్ల ట్యాంకు ఉన్న భవనాన్ని తీసుకుని చూపిస్తాం. మన ఊళ్ళో ఇప్పుడు లేస్తున్నవాటిలో చాలావరకు ఇంచుమించు ఈ పరిమాణానివే.

మొదటి రోజు బ్లీచింగ్ జోలికి పోకూడదు, కడగడం వరకే. బురద ఉన్నచోట క్లోరిన్ పనిచేయదు. బురదే క్లోరిన్‌ను తినేస్తుంది, సూక్ష్మజీవులు దాని చాటున దాక్కుంటాయి. కడగడమంటే ఒక కుళాయి తిప్పి వదలడం కాదు. పైపులో ఇసుక కదలాలంటే నీరు సెకనుకు దాదాపు మూడడుగుల వేగంతో పరుగెత్తాలి. 32 మిల్లీమీటర్ల లోవ్యాసమున్న పైపులో ఆ వేగమంటే నిమిషానికి సుమారు 43 లీటర్లు, ఇరవై లీటర్ల బకెట్టు అరనిమిషంలో నిండాలి. ఒక్క కుళాయితో అది సాధ్యం కాదు. అందుకే డౌన్‌టేక్ పైపు అడుగున మూత విప్పి వదలాలి, లేదా నాలుగైదు కుళాయిలు ఒకేసారి తెరవాలి. కుళాయి మూతుల్లోని జాలీలు, షవర్ తలలు ముందే విప్పి పక్కన పెట్టాలి. లేకపోతే కదిలిన చెత్త అంతా వెళ్ళి వాటిలోనే ఇరుక్కుంటుంది. గీజర్లు, తాగునీటి ఫిల్టర్లు ఉంటే విడదీయాలి. హాస్టల్లో నేను చూసినలాంటి మొండి ముక్కలు ఎన్ని ఉన్నాయో గోడ గోడా వెతికి, ప్లగ్ విప్పి బకెట్టులోకి వదలాలి. అవసరం లేనివైతే మొదట్లోనే కోసేయాలి.

సిమెంటు ప్లాస్టరింగ్ చేసిన కొత్త సంపు గురించి ఒక్క మాట. కొత్త సిమెంటులోని సున్నం నీటిలో కరిగి దాని క్షారగుణాన్ని బాగా పెంచుతుంది. అలాంటి నీటిలో క్లోరిన్ సగం శక్తితో కూడా పనిచేయదు. అందుకని ఈ పని మొదలుపెట్టకముందే సంపును రెండు మూడు సార్లు నింపి, ఒక్కోసారి ఒక రోజు ఉంచి, వదిలేయాలి. పీహెచ్ కాగితం ముంచి చూస్తే ఎనిమిది దగ్గరికి దిగిందో లేదో తెలుస్తుంది. కాగితం ఇంకా నీలం వైపే పోతుంటే మరోసారి నింపి వదలాల్సిందే.

రెండో రోజు మందు. 12,000 లీటర్ల సంపుకు 150 గ్రాముల లెక్కన 1,800 గ్రాములు. ఈ లెక్క పౌడరులో మూడో వంతు క్లోరిన్ ఉందని అనుకుని వేసినది. మన కోస్తా గాలిలో మూతి తెరిచిన బస్తా నెలల్లోనే బలం కోల్పోతుంది. పౌడరు తడిగా, గడ్డలుగా మారి, ఘాటు వాసన తగ్గిందంటే అది 20 శాతానికి దిగి ఉండవచ్చు. అప్పుడు ఇదే సంపుకు మూడు కిలోలు కావాలి. తెరిచిన తేదీ తెలియని బస్తా వాడకపోవడమే మంచిది. ప్లాస్టిక్ బకెట్టులో పౌడరును కొద్ది నీటితో మెత్తని ముద్దగా కలిపి, మరికొన్ని నీళ్ళు పోసి, అరగంట తేరనివ్వాలి. పైన తేరిన నీటినే సంపులో పోయాలి. అడుగున మిగిలే సున్నపు మడ్డిని పోస్తే అది పోయి వాల్వుల్లో పేరుకుంటుంది. సంపులో మందు కలిపాక మోటారు వేసి ఆ నీటినే మేడ మీద ట్యాంకుకు ఎక్కించాలి. దానివల్ల పైకెక్కే పైపు కూడా శుద్ధవుతుంది. ట్యాంకులో మాత్రమే మందు వేసేవాళ్ళు ఈ పైపును పూర్తిగా మరిచిపోతారు.

ఆ తర్వాత కుళాయిలు. ఇంటికి ఆరు లెక్కన తొంభై ఆరు. పై అంతస్తు నుంచి కిందికి, ప్రతి ఇంట్లో వంటగది, వాష్‌బేసిన్, స్నానాల గది, మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకు దాకా. గోడకు అంటించిన జాబితాలో ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోవాలి. వాసన చూసే మనిషి ముక్కు పది కుళాయిలకే మొద్దుబారుతుంది. పైగా లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల క్లోరిన్ ఉన్నా ముక్కు పసిగడుతుంది కాబట్టి వాసన వచ్చిందంటే 50 ఉందని అర్థం కాదు. అందుకే చివరి కుళాయిల దగ్గర పరీక్ష కావాలని మేము పట్టుబడుతున్నాం. ఈ పనిలో ఓ వెయ్యి లీటర్లు పోతాయనుకుంటే, మళ్ళీ వెయ్యి లీటర్లు నింపి 150 గ్రాములు కలపాలి. ఆపైన మూడు గంటలు తాళం. ప్రతి తలుపుకూ నీళ్ళు వాడొద్దన్న కాగితం.

పరీక్షలో కూడా మోసపోయే చోటు ఒకటుంది. పంచాయతీ సిబ్బంది దగ్గర ఉండే క్లోరోస్కోపు మామూలు కుళాయి నీటికి, అంటే లీటరుకు రెండు మిల్లీగ్రాముల లోపు కొలిచేందుకు చేసినది. 50 ఉన్న నీటిలో డీపీడీ మాత్ర వేస్తే గులాబీ రంగు ఒక్కసారి మెరిసి మాయమైపోతుంది, ఎక్కువైన క్లోరిన్ ఆ రంగునే విరిచేస్తుంది. చూసినవాళ్ళు క్లోరిన్ లేదని రాసుకుంటారు. నమూనాలో పది మిల్లీలీటర్లకు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ 240 మిల్లీలీటర్లు కలిపి, అప్పుడు మాత్ర వేసి, వచ్చిన అంకెను ఇరవై ఐదుతో హెచ్చించాలి. రెండు చూపిస్తే 50 ఉన్నట్టు. మూడు గంటల తర్వాత క్లోరిన్ మిగిలి ఉంటే చాలని కోడ్ అంటుంది. కనీసం సగం, అంటే 25 మిగలాలని మేము అడుగుతున్నాం. సగం కూడా మిగల్లేదంటే లోపల దాన్ని తినేసే మురికి ఇంకా ఉందన్నమాట. దాన్ని ఇంకొంత మందు పోసి సరిపెట్టకూడదు, మళ్ళీ కడగాలి.

పని జరుగుతున్నంతసేపూ వీధి లైను నుంచి వచ్చే కనెక్షన్ కట్టేయడం చాలదు, మీటరు దగ్గర విడదీసి ఉంచాలి. మన కుళాయిలకు నీళ్ళు వేళకే వస్తాయి. సరఫరా ఆగినప్పుడు వీధి పైపు వెనక్కి పీలుస్తుంది. వాల్వు సరిగా పట్టకపోతే ఈ ఘాటు నీరు పక్కింటి బిందెలోకి పోతుంది. మీటరు నుంచి సంపు దాకా ఉన్న చిన్న పైపు ముక్కలో ప్రెషర్ పరీక్ష పంపుతోనే ద్రావణం ఎక్కించి, విడిగా మూడు గంటలు ఉంచి కడగవచ్చు.

ప్రాణాపాయం ఒకటి ఉంది, దీన్ని కాగితంలో ఎర్ర సిరాతో రాయించండి. గృహప్రవేశం దగ్గరపడ్డ రోజుల్లోనే టైల్స్ మీద సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ కొడతారు. బ్లీచింగ్ నీరు, యాసిడ్ ఒకే డ్రైనులో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన స్నానాల గదిలో అది మనిషిని పడేస్తుంది. ఈ రెండు పనులూ ఒకే రోజు పెట్టకూడదు. మందు కలిపే మనిషికి చేతి తొడుగులు, కళ్ళద్దాలు ఇవ్వాలి. సంపులోకి దిగి కలపనివ్వకూడదు.

శుద్ధి అయ్యాక వదిలే నీరు కూడా మామూలు నీరు కాదు. దాన్ని చెరువులోకో గెడ్డలోకో వదిలితే చేపలు చస్తాయి, ఆ గెడ్డలన్నీ చివరికి కలిసేది చంపావతిలోనే. ఆవరణలో గుంట తీసి ఎండలో రెండు మూడు రోజులు నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు విరిగిపోతుంది. తొందరగా వదలాలంటే సోడియం థయోసల్ఫేట్ కలిపి, క్లోరోస్కోపులో రంగు రావడం లేదని చూసుకున్నాకే వదలాలి.

ఆ తర్వాత మామూలు సరఫరా నీటితో ట్యాంకు నింపి, అన్ని కుళాయిల్లోనూ క్లోరిన్ వీధి కుళాయిలో ఉన్నంతకు దిగేదాకా వదలాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి, 100 మిల్లీలీటర్లలో ఇ.కోలై ఒక్కటీ కనబడకూడదు. నమూనా తీయడంలో పొరపాటు జరిగితే ఇదంతా వృథా. సీసాలో ముందే కొంచెం థయోసల్ఫేట్ ఉండాలి. లేకుంటే ప్రయోగశాలకు చేరేదాకా సీసాలోని క్లోరిన్ సూక్ష్మజీవుల్ని చంపుతూనే ఉంటుంది, కుళాయిలో ఉన్నవి కాగితంలో కనబడవు. ఐసు పెట్టెలో పెట్టి ఆ రోజే విజయనగరం పంపాలి. తీయాల్సింది ట్యాంకు నుంచి కాదు, ట్యాంకుకు అన్నిటికన్నా దూరపు కుళాయి నుంచి.

ఇక మేము అడిగేవి.

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దరఖాస్తుతో పాటు ఒక పేజీ క్లోరినేషన్ పత్రం తప్పనిసరి చేయండి. అందులో సంపు, ట్యాంకు కొలతలు, వేసిన పౌడరు బరువు, బస్తా తెరిచిన తేదీ, కుళాయిల జాబితా, మూడు గంటల ముందూ వెనుకా చివరి రెండు కుళాయిల అంకెలు, ప్రయోగశాల ఫలితం ఉండాలి. పని చేసిన ప్లంబరు, కట్టినవారు, చూసిన నగర పంచాయతీ సిబ్బంది ముగ్గురూ సంతకం చేయాలి. ప్లంబరు సంతకం అడగమని ప్లంబర్లమే కోరుతున్నాం. సంతకం ఉన్నచోట పనికి కూలి కూడా రాస్తారు.

ఈ పనిని ఎస్టిమేటులో విడి అంశంగా చూపించాలి. పైన చెప్పిన భవనానికి పోయే పౌడరు రెండు మూడు కిలోలే. ఇద్దరు మనుషులకు రెండు రోజుల పని. పద్దు లేకపోవడం వల్లనే ఇది జరగడం లేదని మా అనుభవం.

ఈ శుద్ధి జనం చేరడానికి ముందు వారంలో జరగాలి. పైపు పని అయిపోయిన వెంటనే చేయించి కాగితం పెట్టుకుని, ఆరు నెలల తర్వాత ఇళ్ళు అప్పగించడం కుదరదు. క్లోరిన్ విరిగిపోయాక నిలవ నీరు మళ్ళీ పాతదే అవుతుంది. అప్పగింత నెల రోజులు దాటి ఆలస్యమైతే మళ్ళీ చేయించాలి. అపార్టుమెంటులో కొన్ని ఇళ్ళు ఖాళీగా ఉండిపోతే వాటి కుళాయిలు వారానికోసారైనా వదిలే బాధ్యత సంఘానికో యజమానికో అప్పగించాలి. ప్రభుత్వ ఇళ్ళ సముదాయాలకూ ఇదే నియమం వర్తించాలి, పేదవాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూసి చేరే ఇళ్ళే ఎక్కువకాలం నిలవ నీటితో ఉంటాయి.

వైద్య కళాశాల ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ అద్దె హాస్టళ్ళు ఎక్కువ. ఇల్లుగా కట్టి హాస్టల్‌గా మార్చేవాటికి కూడా, కొత్తగా పైపులు పొడిగించిన భాగానికైనా, ఈ పత్రం అడగండి.

నగర పంచాయతీ తరఫున రెండు డీపీడీ కిట్లు, నమూనా సీసాలు, ఒక ఐసు పెట్టె కార్యాలయంలో ఉంచి, గుర్తింపు ఉన్న ప్లంబర్లకు ఒక పూట చేసి చూపించండి. మీరు ఏ భవనం చెబితే అక్కడ మొదటిసారి కూలి తీసుకోకుండా చేసి చూపడానికి మేము సిద్ధం. ఈ నెలలో అప్పగించబోయే భవనాల జాబితా ఇప్పిస్తే, తేదీ వేసుకుని పౌడరు కొత్త బస్తాతో వస్తాం.

ఇట్లు,
నెల్లిమర్ల పట్టణ ప్లంబింగ్ పనివారు,
కొత్త ఇళ్ళలో చేరబోతున్న కుటుంబాలవారు
(సంతకాల పట్టిక జతపరచడమైనది)